ఏడు సెంటీమీటర్ల పేజీ: ఫోన్‌లో ఇబ్బంది లేకుండా చదవగలిగే చదరపు కరోసెల్ స్లైడ్‌లు – తరచుగా అడిగే ప్రశ్నలు

స్లైడ్ కొలత ఎంత పెట్టాలి? చదరమే ఎందుకు?

కరోసెల్ అంటే ఒకే పోస్టులో పక్కకు జరుపుతూ చూసే వరుస స్లైడ్‌లు. ఒక్కోదానికి 1080 × 1080 పిక్సెళ్లు పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో బొమ్మల వెడల్పుకు స్థిరపడిన కొలత 1080. అంతకంటే పెద్దది ఇచ్చినా అదే కుదించేస్తుంది.

నిలువుగా ఉండే 1080 × 1350 స్లైడ్ స్క్రీన్‌ను ఎక్కువగా ఆక్రమిస్తుంది, అది నిజమే. ఒకే యాప్‌లో పోస్టు చేసేవాళ్లకు అదే మేలు కావచ్చు. అవే స్లైడ్‌లను నాలుగైదు చోట్ల పెట్టాల్సి వస్తే, వాట్సాప్‌లో పంపాల్సి వస్తే, చదరం ఎక్కడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. కాకపోతే మొదటి స్లైడ్ ఏ ఆకారంలో ఉంటే మిగతావన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో అదే ఆకారానికి కత్తిరించబడతాయి. మధ్యలో ఒక్క నిలువు ఫోటో దూర్చితే దాని తలా కాళ్లూ పోతాయి.

లాప్‌టాప్‌లో చక్కగా కనిపిస్తోంది. ఫోన్‌లో చూసినవాళ్లు చదవలేకపోతున్నామంటున్నారు. ఎందుకు?

నేను మొదటిసారి చేసిన కరోసెల్‌ను మా పిన్నికి పంపాను. ఆవిడ ఫోన్‌ను దగ్గరకు లాక్కుని, దూరంగా జరిపి, చివరికి నా చేతికే ఇచ్చి, "బొమ్మ బాగుంది గానీ, కింద చీమలు పాకినట్టు ఏదో ఉందిరా. అదేంటో చదివి చెప్పు" అంది. అందులో అక్షరాల సైజు 32. లాప్‌టాప్‌లో అది నాకు పెద్దగానే కనిపించింది మరి.

లెక్క చూస్తే తప్పెక్కడుందో తెలుస్తుంది. మామూలు ఫోన్ స్క్రీన్ వెడల్పు ఆరున్నర నుంచి ఏడు సెంటీమీటర్లు. మన 1080 పిక్సెళ్లన్నీ ఆ వెడల్పులోనే సర్దుకోవాలి. అంటే కాన్వాస్ మీద 16 పిక్సెళ్లు ఫోన్‌లో సుమారు ఒక మిల్లీమీటరు. సైజు 32 అంటే 2 మిల్లీమీటర్లు. అది కూడా అక్షరం ఎత్తు కాదు. పైన గుడికి, కింద వత్తుకు వదిలిన చోటును కూడా కలుపుకున్న ఎత్తు. అక్షరం ఒళ్లు అందులో దాదాపు సగమే. అంటే పిన్నికి నేను ఒక మిల్లీమీటరు ఎత్తున్న అక్షరాలు చూపించానన్నమాట.

అదే స్లైడ్ సాధారణ మానిటర్ మీద నూరు శాతంలో తెరిస్తే 28 సెంటీమీటర్లు ఉంటుంది. ఫోన్‌లో కనిపించేదానికి నాలుగు రెట్లు. మనం గోడ పోస్టరంత చేసి, ఎదుటివాళ్లకు అగ్గిపెట్టె మీద లేబులంత పంపుతున్నాం.

ఇంకొకటి. చూపు తగ్గినవాళ్లు చాలామంది ఫోన్ సెట్టింగుల్లో అక్షరాలను పెద్దవి చేసుకుంటారు. ఆ సెట్టింగు మీ స్లైడ్ మీద పనిచేయదు, ఎందుకంటే అందులో ఉన్నది అక్షరాలు కాదు, అక్షరాల బొమ్మ. ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు వేళ్లతో లాగితే పెద్దదవుతుంది గానీ వేళ్లు తీయగానే మళ్లీ మామూలు సైజుకు వచ్చేస్తుంది. అలా పట్టుకుని పేరా చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

అయితే అక్షరాల సైజు ఎంత ఉండాలి?

తేలిగ్గా గుర్తుండే కిటుకు: కాన్వాస్ మీద సైజును మూడుతో భాగించండి. చాలా ఫోన్లలో యాప్‌లు తమ స్క్రీన్ వెడల్పును 360 నుంచి 430 యూనిట్లుగా లెక్కేసుకుంటాయి. 1080ని 360తో భాగిస్తే మూడు. మీరు 48 పెడితే అది ఫోన్‌లో 16 సైజులా, 36 పెడితే 12 సైజులా కనిపిస్తుంది. వెబ్‌పేజీలో చదివే పేరా సాధారణంగా 16 ఉంటుందని గుర్తుపెట్టుకుంటే, కాన్వాస్ మీద 48 కంటే కిందికి ఎందుకు దిగకూడదో అర్థమవుతుంది.

తెలుగుకు నేను 52 నుంచి 56 వాడతాను. లాటిన్ లిపికి సరిపోయే 48 మన లిపికి సరిపోదు, ఎందుకంటే ఒక్కో అక్షరంలో గీతలు ఎక్కువ, తలకట్టూ వత్తూ కూడా అదే చోటులో ఇమడాలి. లోపలి స్లైడ్‌లలో శీర్షికకు 80 చుట్టుపక్కల, కవర్ స్లైడ్ మీద 120 నుంచి 140. స్లైడ్ నంబరు, ఖాతా పేరు లాంటి చదవకపోయినా నష్టం లేని వాటికి 36. ఈ మూడు నాలుగు సైజులు దాటి ఐదోది వచ్చిందంటే, ఎక్కడో పట్టనిదాన్ని ఇరికిస్తున్నారని అర్థం.

ఒక్కో స్లైడ్‌లో ఎన్ని పదాలు రాయొచ్చు?

ఎంత పడుతుందో స్లైడే చెబుతుంది, ఒకసారి కొలిస్తే చాలు. నాలుగు వైపులా 96 పిక్సెళ్ల అంచు వదిలితే రాయడానికి 888 × 888 మిగులుతుంది. 80 సైజులో రెండు లైన్ల శీర్షిక, లైన్‌కు 112 చొప్పున 224 తీసుకుంటుంది. శీర్షికకూ పేరాకూ మధ్య 56 వదలండి. మిగిలింది 608. పేరా 52 సైజులో ఉండి, లైన్ ఎత్తు దానికి 1.6 రెట్లు, అంటే 83 అనుకుంటే, ఏడు లైన్లు పడతాయి. లైన్‌కు సగటున నాలుగు తెలుగు పదాలు. మొత్తం 28.

అది నిండు గ్లాసు. అంచు దాకా పోస్తే ఒలుకుతుంది. నేను ఇరవై దగ్గర ఆగిపోతాను. ఇరవై ఐదు దాటిందంటే సైజు తగ్గించాలని చేయి లాగుతుంది, అక్కడే స్లైడ్ చెడుతుంది. సైజు తగ్గించే బదులు ఇంకో స్లైడ్ తెరవండి.

లైన్ల మధ్య ఖాళీ ఎంత ఇవ్వాలి? ఆటోలో వదిలేస్తే వత్తులు కింది లైన్‌ను తాకుతున్నాయి.

తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. "శాస్త్రం" అని రాస్తే స కింద త వత్తు వేలాడుతుంది, దాని పక్కన ర వత్తు కూడా చోటు అడుగుతుంది. సరిగ్గా దాని కిందే తర్వాతి లైన్‌లో "కీలకం" వచ్చిందనుకోండి, కీ మీది గుడి దీర్ఘం పైకి లేచి ఆ వత్తుకు గుద్దుకుంటుంది. పెద్ద స్క్రీన్ మీద అది రెండు గీతల మధ్య చిన్న తాకిడి. ఫోన్‌లో మాత్రం ఆ రెండూ కలిసి ఒక నల్ల మచ్చ అయిపోతాయి. పాఠకుడి కన్ను అక్కడ తడబడి ఆగుతుంది.

అందుకని పేరాకు అక్షరాల సైజుకు 1.5 నుంచి 1.7 రెట్లు లైన్ ఎత్తు ఇవ్వండి. శీర్షికకు 1.35 నుంచి 1.45 చాలు, అక్కడ పదాలు తక్కువ కాబట్టి గుద్దుకునేవి ఉంటే కంటితోనే కనిపెట్టి పదాన్ని అటూ ఇటూ జరపొచ్చు. ఈ అంకెలు ప్రమాణాలు కావు, మొదలుపెట్టే చోటు మాత్రమే. ఒక్కో ఫాంటు తన లోపల పైనా కిందా వేరువేరుగా చోటు కట్టుకుని ఉంటుంది కాబట్టి, ఫాంటు మార్చగానే అదే 1.6 బిగుతుగానో వదులుగానో కనిపించొచ్చు. మార్చిన ప్రతిసారీ "శాస్త్రం" మీద, "కీలకం" కింద పెట్టి చూడండి.

అక్షరాల మధ్య ఎడం మాత్రం సున్నా దగ్గరే ఉంచండి. ఇంగ్లీషు శీర్షికలకు అక్షరాలను దూరంగా జరిపితే అందంగా ఉంటుంది. తెలుగులో అలా చేస్తే కొన్ని ఫాంట్లలో వత్తు ఒక దారి, అక్షరం ఒక దారి పడతాయి. వాలు అక్షరాలు కూడా వద్దు. మన లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు. సాఫ్ట్‌వేర్ చేసేది అక్షరాన్ని పక్కకు తోయడమే. ఒక మాటను ఎత్తి చూపాలంటే రంగు మార్చండి, లేదా బోల్డ్ చేయండి.

ఏ ఫాంట్ వాడాలి?

పేరు చెప్పే ముందు పరీక్ష చెబుతాను, అది ఏ ఫాంటుకైనా పనికొస్తుంది. ఈ లైన్‌ను 52 సైజులో, మీరు వాడబోయే మందంలో టైప్ చేసి ఫోన్‌లో చూడండి:

కథ, గద, విధి, ఫలం, పలక, భయం, బలం, కృష్ణ, లక్ష్మి, స్త్రీ

థ కడుపులో చుక్క కనిపిస్తోందా? ధకూ దకూ తేడా తెలుస్తోందా? ఫ, ప ఒకేలా కనిపిస్తున్నాయా? చేయి పొడుగ్గా చాపి పట్టుకున్నా ఈ తేడాలు తెలిస్తే ఆ ఫాంటు పేరాకు పనికొస్తుంది. చాలా లావైన ఫాంట్లు ఇక్కడే ఓడిపోతాయి. గీత లావెక్కే కొద్దీ అక్షరం లోపలి ఖాళీ మూసుకుపోయి థ లోని చుక్క మాయమవుతుంది.

ఉచితంగా దొరికేవాటిలో పేరాకు నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు, మండలి బాగా నిలబడతాయి. మొదటి మూడింటికీ పలుచన నుంచి లావు దాకా రకరకాల మందాలున్నాయి. మండలికి ఒక్కటే. రామభద్ర కవర్ శీర్షికకు దిట్టంగా ఉంటుంది, కానీ దాంతో పేరా రాస్తే అందరూ ఒకేసారి అరుస్తున్నట్టు ఉంటుంది. మందంలో పేరాకు రెగ్యులర్ లేదా మీడియం, శీర్షికకు బోల్డ్. పలుచని లైట్ మందాన్ని ఫోన్ స్లైడ్ కోసం తాకనే తాకొద్దు, ఎండలో గీతలు ఆవిరైపోతాయి.

ఒక కరోసెల్‌కు రెండు ఫాంట్లు చాలు. నిజానికి ఒకే ఫాంటులో రెండు మందాలు ఇంకా మేలు.

మన పదాలు మరీ పొడుగు. శీర్షిక ఒక లైన్‌లో పట్టడం లేదు, ఏం చేయాలి?

"తెలుసుకోవాలనుకుంటున్నారా" అనే ఒక్క మాట 120 సైజులో స్లైడ్ దాటి బయటికి పోతుంది. తెలుగులో మాటను మధ్యలో విరిచి అడ్డగీత పెట్టడం స్లైడ్ మీద బాగోదు. కాబట్టి ముందు డిజైన్ ముట్టుకోకుండా వాక్యాన్ని మార్చండి. "పాస్‌వర్డ్ మర్చిపోకుండా ఉండటమెలాగో తెలుసుకోవాలనుకుంటున్నారా?" అన్నది "పాస్‌వర్డ్ మర్చిపోతున్నారా?" అయితే అర్థం పోలేదు, లైన్లు రెండు తగ్గాయి.

మాట మార్చడం కుదరకపోతే అనేక్ తెలుగు లాంటి ఫాంట్ తీసుకోండి. అందులో మందంతో పాటు వెడల్పును కూడా తగ్గించుకోవచ్చు. అక్షరాన్ని మౌస్‌తో పట్టుకుని పక్కల నుంచి నొక్కేయడం వేరు, అది చేయకండి. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడి అడ్డగీతలు లావుగా మిగులుతాయి.

ఇదే కారణంగా రెండు అంచులూ సమానంగా వచ్చేలా జస్టిఫై చేయొద్దు. లైన్‌కు మూడు నాలుగు పదాలే ఉన్నప్పుడు మధ్యలో గండ్లు పడతాయి. ఎడమవైపుకు సర్దండి. కవర్ మీది రెండు మూడు లైన్లకు మధ్యలోకి సర్దినా ఫర్వాలేదు.

టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. "ఫోన్‌లో" అంటే "ఫోన్లో" అయిపోతోంది.

ఇవి రెండు వేరువేరు జబ్బులు.

వత్తులు విడిపోతే సాఫ్ట్‌వేర్ మన లిపిని కూర్చడం మొదలుపెట్టలేదని అర్థం. ఫోటోషాప్‌లో అయితే Preferences లో Type తెరిచి, World-Ready Layout ఎంచుకుని, ప్రోగ్రామ్‌ను మూసి తెరవండి. పాత వెర్షన్లలో ఇదే Middle Eastern and South Asian అని ఉంటుంది. ఇల్లస్ట్రేటర్‌లో Type సెట్టింగుల్లో Show Indic Options టిక్ చేయాలి. ఇదంతా చేసినా గజిబిజిగా వస్తే, మీరు పేస్ట్ చేసిన టెక్స్ట్ యూనికోడ్ కాకపోయి ఉండొచ్చు. పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసింది ఆ ఫాంటులోనే తెలుగులా కనిపిస్తుంది. ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

రెండో జబ్బు కంటికి కనిపించని ఒక గుర్తుది. "ఫోన్"కూ "లో"కూ మధ్య పొల్లును నిలబెట్టే గుర్తు ఉంటుంది, దాని యూనికోడ్ సంఖ్య U+200C. కొన్ని డిజైన్ టూల్స్‌లో పేస్ట్ చేసినప్పుడు అది రాలిపోయి న కింద ల వత్తు వచ్చేస్తుంది, లేదా దాని స్థానంలో చిన్న డబ్బా కనిపిస్తుంది. డబ్బా కనిపిస్తే ఫాంటు మార్చండి. రాలిపోతుంటే ఆ ఒక్క మాటను తిరగరాయండి, "ఫోన్ మీద" అంటే గొడవే లేదు.

రంగుల విషయంలో దేనికి జాగ్రత్తపడాలి? ఫోటో మీద రాయొచ్చా?

అందం సంగతి మీ ఇష్టం. చదవగలగడానికి మాత్రం ఒక కొలత ఉంది. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెల్లటి నేపథ్యం మీద #767676 బూడిదరంగు 4.5ను అంచున దాటుతుంది. ఇంకొంచెం లేతగా #999999 వాడితే 2.85కు పడిపోతుంది. ఆ రెండు బూడిదలూ డిజైనర్ మానిటర్ మీద అన్నదమ్ముల్లా ఉంటాయి, బయట వెలుతురులో ఫోన్ మీద ఒకటి బతుకుతుంది, ఇంకొకటి పోతుంది. ఈ నిష్పత్తిని లెక్కేసే పేజీలు నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి, రెండు రంగుల కోడ్‌లు ఇస్తే చాలు. పసుపు మీద తెలుపు గురించి చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ రోజూ ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది.

ఫోటో మీద రాయొచ్చు, ఫోటోను లొంగదీసుకున్నాక. ఫోటో మొత్తం మీద 50 నుంచి 60 శాతం నలుపు పొర వేసి తెల్ల అక్షరాలు పెట్టండి. పొర వేశాక ఫోటో చచ్చిపోయిందనిపిస్తే, ఫోటోకు పై సగం, అక్షరాలకు కింది సగం ఇచ్చేయండి. అక్షరాల చుట్టూ నీడ, దాని చుట్టూ అంచుగీత పెట్టి గట్టెక్కాలని చూడకండి. తెలుగు అక్షరంలో సందులు ఎక్కువ, ఆ నీడ వెళ్లి సందులన్నీ నింపేస్తుంది.

అంచుల్లో ఎంత వదలాలి? ఏ మూలల్లో ఏమీ పెట్టకూడదు?

చుట్టూ 96 అన్నాం కదా, 80 కంటే తగ్గించకండి. కుడివైపు పై మూలలో ఇన్‌స్టాగ్రామ్ "1/7" లాంటి లెక్కను బొమ్మ మీదే కాసేపు చూపిస్తుంది. అక్కడ మీ శీర్షిక చివరి మాట ఉంటే దాని మీదే కూర్చుంటుంది. ఎవరినైనా ట్యాగ్ చేస్తే ఆ గుర్తు ఎడమ కింది మూలలో వస్తుంది.

కవర్ స్లైడ్‌కు అదనంగా ఒక చిక్కుంది. 2025 నుంచి ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ పేజీలో గళ్లు చదరంగా కాక 3:4 నిలువుగా మారాయి. చదరపు కవర్‌ను అందులో చూపించాలంటే రెండు పక్కలా కోయాల్సిందే. 1080లో మధ్యనున్న 810 మిగులుతుంది, చెరో వైపు 135 పోతుంది. కవర్ శీర్షికను ఆ 810 లోపలే ఉంచండి. లేకపోతే ప్రొఫైల్‌కు వచ్చినవాళ్లకు మొదటి అక్షరం తెగిపోయిన మాటలు కనిపిస్తాయి.

ఒక పేరాను స్లైడ్‌లుగా ఎలా విడగొట్టాలి? ఒక ఉదాహరణ చూపించగలరా?

ఈ పేరా తీసుకుందాం:

"ఫోన్ నీళ్లలో పడితే వెంటనే బయటకు తీసి, పనిచేస్తున్నా సరే పవర్ ఆఫ్ చేయాలి, ఎందుకంటే లోపల తడి ఉండగా కరెంటు నడిస్తే భాగాలు షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అదే కారణంతో ఛార్జింగ్ పెట్టకూడదు. పొడి గుడ్డతో తుడిచి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టాలి. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టకూడదు, బియ్యంలో పెట్టకూడదు. గాలి ఆడే చోట వదిలేయాలి."

నలభై పైచిలుకు పదాలు. 40 సైజులో ఒకే స్లైడ్‌లో ఇరికించేయొచ్చు, చాలామంది చేసేదీ అదే. కానీ చదివేవాడి పరిస్థితి ఊహించండి: ఒక చేతిలో తడి ఫోన్, ఇంకో చేతిలో ఎవరిదో అరువు ఫోన్, ఒళ్లంతా టెన్షన్. అతనికి ఇప్పుడు ఏం చేయాలన్నదే కావాలి, ఒక్కొక్కటిగా.

కవర్ మీద "ఫోన్ నీళ్లలో పడిందా?" అని 130 సైజులో రెండు లైన్లు. "ఫోన్" ఒక లైన్, "నీళ్లలో పడిందా?" ఒక లైన్. రెండోది దాదాపు 700 పిక్సెళ్లు వస్తుంది, మన 810 లోపల హాయిగా పడుతుంది. దాని కింద 52లో "వెంటనే చేయాల్సినవి, చేయకూడనివి".

రెండో స్లైడ్ శీర్షిక "ముందు ఆఫ్ చేయండి". కింద: "పనిచేస్తున్నా సరే. లోపల తడి ఉండగా కరెంటు నడిస్తే భాగాలు షార్ట్ కావచ్చు." పది పన్నెండు పదాలు, మూడు లైన్లు. మిగతా చోటు ఖాళీగా వదిలేశాను, పవర్ బటన్ బొమ్మ ఒకటి పెట్టుకోవచ్చు.

మూడోది "ఛార్జింగ్ పెట్టొద్దు". ఇక్కడ మొదట నేను "అదే కారణంతో" అని పేరాలోని మాటే ఉంచేశాను. అది తప్పు. పేరాలో ఆ మాటకు ముందు వాక్యం కళ్లెదుటే ఉంటుంది, స్లైడ్‌లో అది పక్కకు జారిపోయి ఉంటుంది. ఎవరైనా ఈ ఒక్క స్లైడ్ స్క్రీన్‌షాట్ తీసి పంపితే "ఏ కారణం?" అని అడుగుతారు. కాబట్టి "తడి పోర్టులోకి కరెంటు వెళ్తే ఫోన్ పాడవుతుంది" అని మళ్లీ చెప్పాలి. పేరాను స్లైడ్‌లుగా కోసేటప్పుడు "అందువల్ల", "అలాగే", "పైన చెప్పినట్టు", "ఇది" లాంటి మాటలున్న చోటల్లా ఆగి చూడండి. అవి వెనక్కి చూపించే వేళ్లు, స్లైడ్‌కు వెనక ఏమీ ఉండదు.

నాలుగోది "పోర్టు కిందికి ఉంచి తట్టండి". ముందు గుడ్డతో తుడవాలన్నది పేరాలో విడి పని, ఇక్కడ కింద రాసే మాటల్లో కలిపేశాను.

ఐదోదాన్ని మొదట "హెయిర్ డ్రయ్యర్ వద్దు, బియ్యం వద్దు" అని ఒకటిగా రాసి, తర్వాత రెండు చేశాను. రెంటికీ కారణాలు వేరు. డ్రయ్యర్ వేడికి భాగాలు దెబ్బతింటాయి. బియ్యానిదేమో, నూక రేణువులు పోర్టులో దూరతాయి. కారణం వేరైతే స్లైడ్ వేరు. కారణం ఒకటే అయితే కలపొచ్చు. నేను కోత ఎక్కడ పెట్టాలో తేల్చుకునేది ఇలాగే, పదాల లెక్కతో కాదు.

ఏడోది "గాలి ఆడే చోట ఆరనివ్వండి". ఎనిమిదోదాంట్లో పై ఆరూ ఒక్కో లైన్‌లో, మాట లేదా రెండు మాటలతో. సేవ్ చేసుకునేవాళ్లు దాన్నే చేసుకుంటారు.

రెండో స్లైడ్ గురించి ఒక మాట. కవర్ చూసి జరపకుండా కిందికి వెళ్లిపోయినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్టును కొన్నిసార్లు మళ్లీ రెండో స్లైడ్ నుంచి చూపిస్తుంది. అక్కడ "అందరికీ నమస్కారం, ఈ రోజు మనం" అని ఉంటే ఆ అవకాశమూ పోయినట్టే.

మొత్తం ఎన్ని స్లైడ్‌లు పెట్టొచ్చు?

ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు 20 దాకా ఒప్పుకుంటుంది, 2024కు ముందు 10. లింక్డ్‌ఇన్‌లో అయితే స్లైడ్‌లన్నిటినీ ఒక పీడీఎఫ్‌గా చేసి డాక్యుమెంట్‌లా ఎక్కించాలి. చెప్పేది ఆరింట్లో అయిపోతే ఆరే.

ఒకే బొమ్మ రెండు స్లైడ్‌ల మీదుగా సాగిపోయేలా ఎలా చేయాలి?

ఐదు స్లైడ్‌లయితే 5400 × 1080 కాన్వాస్ తెరిచి, ప్రతి 1080 దగ్గర గైడ్ గీత పెట్టుకుని, బాణాన్నో దారినో ఆ గీతల మీదుగా గీయండి. అయ్యాక ఒకే ఫైలుగా సేవ్ చేసి, ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంటే ఒక్క కమాండ్‌తో కోయొచ్చు:

```
magick wide.png -crop 1080x1080 +repage slide-%02d.png
```

ఫైళ్లు slide-00 నుంచి మొదలవుతాయి. బొమ్మ గీత దాటొచ్చు గానీ అక్షరం దాటకూడదు. సగం మాట అటు, సగం ఇటు ఉంటే రెండు స్లైడ్‌లూ చదవడానికి రావు.

అప్‌లోడ్ చేశాక అక్షరాల అంచులు మసకగా, ఎర్ర అక్షరాలు చెదిరినట్టుగా కనిపిస్తున్నాయి. ఎందుకు?

మీరు పీఎన్‌జీ ఇచ్చినా సరే, యాప్ దాన్ని మళ్లీ జేపెగ్‌గా కుదిస్తుంది. జేపెగ్ కుదించేటప్పుడు వెలుగు నీడల వివరాలను వీలైనంత కాపాడి, రంగు వివరాలను సాధారణంగా తగ్గించేస్తుంది. మన కన్ను రంగులో తేడాను అంతగా పట్టదు కాబట్టి ఫోటోలకు అది చెల్లుతుంది. ముదురు నీలం మీద ఎర్ర అక్షరాలకు చెల్లదు. ఆ రెంటికీ వెలుగులో పెద్ద తేడా లేదు, అక్షరాన్ని నిలబెట్టేది రంగు ఒక్కటే, దాన్నే తగ్గించేస్తే అంచు చెదురుతుంది. వెలుగులో తేడా ఎక్కువున్న జంటలు, ఉదాహరణకు ముదురు నీలం మీద మీగడ తెలుపు, ఎంత కుదించినా తట్టుకుంటాయి.

మిగతా జాగ్రత్తలు చిన్నవి. సరిగ్గా 1080లోనే ఎగుమతి చేయండి, కలర్ ప్రొఫైల్ sRGB పెట్టండి, వాట్సాప్‌లో ఫోటోగా వచ్చినదాన్ని తీసుకుని పోస్టు చేయొద్దు. అది ఒకసారి నలిగిన బొమ్మ, మళ్లీ నలుగుతుంది. ఫోన్‌కు పంపుకోవాలంటే డాక్యుమెంట్‌గా పంపండి.

పోస్టు చేసే ముందు ఎలా సరిచూసుకోవాలి?

పనిచేస్తున్నప్పుడే మధ్యమధ్యలో కాన్వాస్‌ను 25 శాతానికి తగ్గించి చూడండి. సాధారణ మానిటర్ మీద అది ఇంచుమించు ఫోన్‌లో కనిపించే సైజు. అక్షరాలు కాస్త మసకగా ఉంటాయి గానీ ఏది కనిపిస్తోంది, ఏది కనిపించడం లేదన్నది తెలిసిపోతుంది.

అయ్యాక ఫోన్‌లోకి పంపుకుని, స్క్రీన్ వెలుగు సగానికి తగ్గించి, కూర్చుని కాకుండా నడుస్తూ చదవండి. ఎక్కడైనా ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నారంటే ఆ స్లైడ్ తప్పింది. తర్వాత, ఆ విషయం అస్సలు తెలియని ఒకరి చేతికిచ్చి గట్టిగా చదవమనండి. మీరే రాసినదాన్ని మీ కన్ను అక్షరం చూడకుండానే చదివేస్తుంది, అందుకే మీ పరీక్ష పూర్తిగా నమ్మదగ్గది కాదు. నాకు మా పిన్ని ఉంది. ఇప్పుడు ఏ కరోసెల్ అయినా ముందు ఆవిడకే వెళ్తుంది, "చీమలు" అన్న మాట వస్తే వెనక్కి.

చూపు లేనివాళ్లు స్లైడ్‌లలో ఉన్నది ఎలా తెలుసుకుంటారు?

స్క్రీన్‌రీడర్ బొమ్మలోని అక్షరాలను నమ్మకంగా చదవలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు చేసేటప్పుడు ప్రతి స్లైడ్‌కూ Alt text రాసే వీలుంది. స్లైడ్ మీద ఉన్న మాటలనే అందులో టైప్ చేయండి, "నీలం రంగు నేపథ్యం మీద అందమైన అక్షరాలు" అని వర్ణించకండి. ఓపిక లేకపోతే మొత్తం పాఠాన్ని కనీసం క్యాప్షన్‌లో పెట్టండి. వెతికినప్పుడు దొరకడానికీ అదే పనికొస్తుంది.